పన్నెండున్నర తర్వాత మీరేం చేశారు?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో పర్మనెంట్ కార్మికుడిని. 2025 జనవరి నుంచి సెప్టెంబర్ వరకు బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్లో రిలీవర్‌గా వేశారు. షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2:30. యంత్రం ఆగకూడదని, 8:30 నుంచి 11:30 వరకు ఆరుగురు ఆపరేటర్లను తలా అరగంట భోజనానికి విడిపించేవాణ్ని. తర్వాత పన్నెండున్నర దాకా టీకి విడిపించేవాణ్ని. ఆ తర్వాత సూపర్‌వైజర్ ఏ పని చెబితే అది. అందరికీ అన్నం తినే తీరిక ఇచ్చిన నేను మాత్రం నిలబడి నాలుగు ముద్దలు మింగి పరుగెత్తేవాణ్ని. షుగర్ వచ్చింది. ఇంట్లో గొడవలు. నెలకు 15,600 జీతం. నా అరగంటకు డబ్బు వస్తుందా? రోజువారీ లెక్క రాసుకోలేదు. ఇప్పుడు ఒక డైరీలో తొమ్మిది నెలల లెక్క రాసి పెట్టమని మిత్రుడు అంటున్నాడు. రాయమంటారా? - ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: మీ కేసు తేలేది ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో దాటవేసిన చోట, అంటే పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు గడిచిన రెండు గంటల దగ్గర. ఆ రెండు గంటల్లో ఎక్కడైనా అరగంట మిమ్మల్ని పూర్తిగా వదిలేశారా, లేక చివరిదాకా పని చేయించారా అన్నదాని మీదే మీకు డబ్బు వస్తుందో రాదో ఆధారపడి ఉంది. దీనిని ఇంత నొక్కి చెప్పడానికి కారణం, ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది విరామం. మీరు చెప్పే కాలానికి వర్తించే 1948 నాటి కర్మాగారాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఏ పని విడతా 5 గంటలు మించకూడదు, కనీసం అరగంట విరామం ఇవ్వకుండా ఎవరితోనూ 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఈ నియమాన్ని మీ షిఫ్టుకు పెట్టి చూడండి. ఆరింటికి ఎక్కినవారికి విరామం 11 గంటలకల్లా మొదలు కావాలి. విరామం తర్వాత మిగిలే విడత కూడా 5 గంటలు దాటకూడదు కాబట్టి, రెండున్నరకు దిగేవారి విరామం 9 కంటే ముందు మొదలు కావడానికీ వీల్లేదు. అంటే విరామం మొదలవడానికి చట్టం ఒప్పుకునే వేళలు 9, 9:30, 10, 10:30, 11 అనే ఐదు మాత్రమే. అందులో ఒకటి రిలీవర్ తన అన్నానికి వాడుకోవాలి. కాబట్టి ఒక్క రిలీవర్ విడిపించగలిగేది నాలుగు యంత్రాలను. మీ చేత ఆరు యంత్రాలను విడిపించారు. ఈ లెక్క మీరు సాక్ష్యం చెప్పకపోయినా నిలబడుతుంది. షిఫ్టు వేళలు, విరామాలు నోటీసు బోర్డులో పెట్టాలని 61వ సెక్షన్ చెబుతుంది. ఆ నోటీసును, లైన్లోని యంత్రాల సంఖ్యను పక్కపక్కన పెడితే చాలు. 8:30కి విడుదలైన మొదటి ఆపరేటర్ 9 నుంచి రెండున్నర వరకు ఐదున్నర గంటలు పనిచేశాడు కాబట్టి ఆయన విషయంలోనూ ఉల్లంఘన జరిగింది. ఇది మీకు తట్టినట్టు లేదు. మధ్యలో ఇచ్చిన పది నిమిషాల టీ విరామం ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే చట్టం అడిగేది ఏకబిగిన అరగంట.

యాజమాన్యం వైపు నుంచి రెండు వాదనలు రావచ్చు. ఒకటి, విరామం లేని కాలాన్ని 6 గంటల వరకు పెంచుకోవడానికి తమకు అనుమతి ఉందనడం. అలాంటి అనుమతి ప్రభుత్వమో ప్రధాన ఇన్‌స్పెక్టరో కారణాలు చూపి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉంటే కాగితం ఉంటుంది. కర్మాగారాల శాఖకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ కర్మాగారానికి అలాంటి ఉత్తర్వు ఇచ్చారా అని అడగండి. అనుమతి ఉందని తేలితే పైన చెప్పిన ఐదు వేళలు తొమ్మిది అవుతాయి, నా మొదటి లెక్క పనికిరాదు. కానీ మీరు పన్నెండున్నర దాకా ఆరున్నర గంటలు వరుసగా నిలబడ్డారు కాబట్టి ఉల్లంఘన మాత్రం అప్పటికీ మిగులుతుంది. రెండో వాదన, యంత్రాన్ని ఆపడం కుదరదనడం. సాంకేతిక కారణాల వల్ల ఆగకుండా నడవాల్సిన పనులకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది మధ్యలో ఆపితే చెడిపోయే పనుల కోసం పెట్టింది. బ్లిస్టర్ యంత్రాన్ని ఆపి మళ్లీ వేడెక్కించుకుంటే సరిపోతుంది, పోయేది ఉత్పత్తి లెక్క మాత్రమే. 2025 జూలైలో వచ్చిన పది గంటల పని ఉత్తర్వును హెచ్‌ఆర్ వారు చూపించినా తడబడకండి. అది వాణిజ్య సంస్థలకు ఇచ్చినది, మీ లైనుకు సంబంధం లేదు.

రెండో విషయం డబ్బు. ఇంత బలంగా ఉల్లంఘన రుజువైనా, దానివల్ల మీ చేతికి ఒక్క రూపాయి రాదు. 55వ సెక్షన్ ఉల్లంఘనకు యాజమాన్యంపై ఇన్‌స్పెక్టర్ కేసు పెట్టవచ్చు, జరిమానా పడవచ్చు. ఆ జరిమానా ఖజానాకు పోతుంది. మీకు డబ్బు రావాలంటే 59వ సెక్షన్‌లోని ఓవర్‌టైమ్ ద్వారానే రావాలి, అది రోజుకు 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితేనే పుడుతుంది. మీ షిఫ్టు ఎనిమిదిన్నర గంటలు కాబట్టి రోజు లెక్కలో 9 దాటలేదు. వారం లెక్క వేరు. అరగంట విరామం నిజంగా ఇచ్చి ఉంటే ఆరు రోజులకు సరిగ్గా 48 గంటలు, ఇవ్వకపోతే 51. ఆ మూడు గంటలే మీ కేసు. విరామంతో కలిపి ఎనిమిది గంటల షిఫ్టులో ఉండి ఉంటే, అన్నం తినకపోయినా వారానికి 48 దాటేది కాదు, మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

లెక్క ఇలా ఉంటుంది. 15,600ను 26 రోజులతో భాగిస్తే రోజుకు 600, గంటకు 75. ఓవర్‌టైమ్ రెట్టింపు కాబట్టి గంటకు 150, వారానికి 450. అయితే మీరు ఒక్క రోజు సెలవు పెట్టిన వారంలో పని గంటలు నలభై రెండున్నరకు పడిపోతాయి, ఆ వారానికి ఏమీ రాదు. సంక్రాంతి, ఉగాది వచ్చి లైను మూసిన వారాలూ అంతే. తొమ్మిది నెలల్లో 39 వారాలున్నాయని 17,550 అడిగేస్తే, అవతలి న్యాయవాది ముందుగా మస్టరు తెరిచి మీ అత్యాశను చూపిస్తారు. ఆరు రోజులూ హాజరైన వారాలు, ఉదాహరణకు 31 ఉంటే, అడగవలసింది 13,950. హాజరు వివరాలున్న జీతం చీటీలను ముందు వరుసగా పేర్చుకోండి.

ఇప్పుడు ఆ రెండు గంటల సంగతి. యాజమాన్యం చెప్పబోయేది నాకు ఇప్పుడే వినిపిస్తోంది: ‘పన్నెండున్నర తర్వాత అతనికి యంత్రం లేదు, అప్పుడు తిన్నాడు, కూర్చున్నాడు.’ దీనికి జవాబు మీ దగ్గర కాగితం రూపంలో లేదు, వారి దగ్గర ఉంది. మందుల తయారీలో ఎవరు ఎప్పుడు యంత్రం మీద ఉన్నారో బ్యాచ్ ప్యాకింగ్ రికార్డు చెబుతుంది. మీ లైన్లో అరగంటకోసారి లీక్ టెస్ట్ చేసి ఆ షీటులో వేళ రాసి సంతకం పెట్టే పద్ధతి ఉంటే, మీరు విడిపించిన ప్రతి అరగంటలో మీ పొట్టి సంతకం పడి ఉంటుంది. అది పన్నెండున్నర వరకు సరిపోతుంది. ఆ తర్వాత మీ చేత చేయించినది కార్టన్లు లెక్కించడమా, మిగిలిన ఫాయిల్ తూకం వేసి స్టోర్‌కు తిరిగి ఇవ్వడమా, ట్రాలీ తోయడమా అన్నది గుర్తు చేసుకోండి. వీటిలో దేనికైనా మీ సంతకంతో స్లిప్పు ఉంటే కేసు నిలబడుతుంది. క్యాంటీన్‌లో కార్డు గీకే పద్ధతి ఉంటే ఆ పంచ్ వివరాలు కూడా కావాలి. 11:32కు క్యాంటీన్‌లో గీకిన కార్డు, 11:40కి యంత్రం దగ్గర పెట్టిన సంతకం పక్కపక్కన చూపితే, ‘నాలుగు ముద్దలు’ అన్న మీ మాట కంటే ఆ రెండు వేళలే అధికారిని ఒప్పిస్తాయి. కానీ కార్డు ఒంటిగంటకు గీకి ఉండి, మీ తర్వాతి సంతకం రెండింటికి ఉంటే మాత్రం కేసు అక్కడితో ఆగుతుంది. దరఖాస్తు వేసే ముందు ఈ నిజం మీకు మీరు తేల్చుకోండి. అరగంట కూర్చోబెట్టినా ‘పిలిస్తే రావాలి’ అని లైను పక్కనే ఉంచి ఉంటే అది విరామం కాదని వాదించవచ్చు, అయితే దానికి కనీసం ఒక తోటి ఆపరేటర్ సాక్ష్యం కావాలి.

డైరీ విషయానికి వస్తే, రాయవద్దు. ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, తొమ్మిది నెలలు ఒక్క దిద్దుబాటు లేకుండా రాసిన డైరీని క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. మీరు సెలవులో ఉన్న రోజుకు కూడా అందులో ‘భోజనం లేదు’ అని రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీతో మీ నిజమైన సంతకాలను కూడా అనుమానంతో చూస్తారు. అంతేకాదు, విచారణలో వాడడానికి సాక్ష్యం కల్పించడం భారతీయ న్యాయ సంహిత 229 కింద నేరం. యాజమాన్యం చేసిన తప్పు మీద మొదలైన కేసు మీ తప్పు మీద ముగుస్తుంది. రికార్డులకు దొంగచాటుగా ఫోన్లో ఫొటోలు తీయడం కూడా వద్దు, ఫోన్ నిషేధమున్న చోట అది మిమ్మల్ని తీసేయడానికి వారికి దొరికే సాకు అవుతుంది. బ్యాచ్ రికార్డులను మందు గడువు తీరిన తర్వాత కూడా ఏడాది పాటు ఉంచాలి కాబట్టి అవి ఎక్కడికీ పోవు. తెప్పించమని అధికారిని కోరడమే మార్గం. క్యాంటీన్ పంచ్ వివరాలకు ఆ రక్షణ లేదు, కంప్యూటర్లో చెరిగిపోవచ్చు. అందుకే వాటిని భద్రపరచమని ఈ వారమే యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో లేఖ పంపి రసీదు దాచుకోండి.

గడువు గురించి మీరు అడగనేలేదు. ఈ నిర్లక్ష్యాన్ని మాత్రం క్షమించలేను. వేతన చెల్లింపు చట్టం ప్రకారం క్లెయిముకు గడువు జీతం ఇవ్వాల్సిన తేదీ నుంచి పన్నెండు నెలలు, అదీ ఏ నెలకానెల విడిగా నడుస్తుంది. వెయ్యి మంది లోపు పనివారున్న కర్మాగారమైతే జనవరి జీతం ఫిబ్రవరి 7కు ఇవ్వాలి. ఇప్పుడు 2026 మార్చి రెండో వారం. జనవరి, ఫిబ్రవరి నెలలు ఆ లెక్కన దాటిపోయాయి. మార్చి నెల వచ్చే ఏప్రిల్ 7తో పోతుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లో మూడేళ్ల గడువు ఉందని ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. ఆ తేదీకి మీ జనవరి క్లెయిము ఇంకా బతికే ఉంది కాబట్టి కొత్త గడువు దానికీ వర్తిస్తుందని నేనూ వాదిస్తాను. కానీ వాదించి గెలవాల్సిన చోట తీరిగ్గా కూర్చోవడం తెలివి కాదు.

కాబట్టి ఏప్రిల్ 7 లోపు కార్మిక శాఖలో వేతన క్లెయిములు వినే అధికారి ముందు, కర్మాగారం ఉన్న ప్రాంతాన్ని బట్టి, తొమ్మిది నెలలకూ కలిపి ఒకే దరఖాస్తు వేయండి. తలకట్టులో పాత చట్టాన్నీ కొత్త కోడ్‌నూ రెండింటినీ పేర్కొనండి. జనవరి, ఫిబ్రవరి నెలల ఆలస్యాన్ని మన్నించమని విడి పిటిషన్ జత చేయండి, అందులో షుగర్ వైద్యం తేదీలను ప్రిస్క్రిప్షన్లతో సహా చూపండి. మీ అనారోగ్యం ఈ కేసులో ఉపయోగపడేది అక్కడ ఒక్కచోటే. లీక్ టెస్ట్ షీట్లు, కార్టన్ లెక్కల స్లిప్పులు, మస్టరు, క్యాంటీన్ వివరాలు, విరామాల నోటీసు, వీటిని తెప్పించమని మరో పిటిషన్ వేయండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, మీరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన యూనియన్ ప్రతినిధి కూడా మీ తరఫున హాజరు కావచ్చు.