క్లినికల్ సైకాలజిస్ట్ లేఖలో ఏం ఉండాలి?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. చదవడంలో వెనకబడ్డాడు, బడంటే విపరీతమైన భయం. క్లినికల్ సైకాలజిస్ట్ గారు స్కూలుకు లేఖ రాసిస్తామన్నారు. అందులో ఏమేం ఉండాలని అడగాలి? పదో తరగతి పరీక్షలకూ అదే పనికొస్తుందా?

జవాబు: అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు బడిలో మా అమ్మాయి ఆరో తరగతి చదువుతున్నప్పుడు మాకు ఇచ్చిన మొదటి లేఖలో ‘విద్యార్థిని పట్ల ఓర్పు వహించి తగిన సహకారం అందించగలరు’ అని మాత్రమే ఉండడంతో, హెడ్మాస్టరు గారు దాన్ని చదివి ఫైలులో పెట్టేశారు. ఏ పీరియడ్‌లో ఏం చేయాలో లేని కాగితంతో టీచర్లు మాత్రం ఏం చేయగలరు?

రెండోసారి సైకాలజిస్ట్ గారు తరగతిలో జరిగేదంతా వివరంగా అడిగారు. ఇంగ్లీషు పీరియడ్‌లో పిల్లలు వరుసగా తలా ఒక పేరా పైకి చదవాలి. మా అమ్మాయి తన ముందున్నవాళ్లను లెక్కపెట్టుకొని, తన వంతుకు వచ్చే పేరా ఏదో చూసుకొని, దాన్నే లోలోపల వల్లె వేసుకునేది. ఈలోగా పాఠం చెవికెక్కేది కాదు, వంతు దగ్గరపడేసరికి కడుపునొప్పి మొదలయ్యేది. ఇందులో చదవలేకపోవడం ఎంత, భయం ఎంత అన్నది తేల్చడానికి ఆయన ఆమెచేత ఒంటరిగా చదివించి చూశారు. అక్కడా అక్షరాలు, పదాలు జారిపోవడంతో భయం ఒక్కటే కాదు, చదవడంలోనూ ఇబ్బంది ఉందని తెలిసింది. ఒంటరిగా సాఫీగా చదివి, తరగతిలోనే తడబడి ఉంటే భయమే కారణమని అనుకునేవారు.

అందుకే ఆయన సిఫార్సులను రెండుగా విడదీసి రాశారు. చదువు ఇబ్బందికి సంబంధించినవి, అంటే బోర్డు మీది నోట్సుకు బదులు జిరాక్సు ఇవ్వడం, రాత పరీక్షలో అదనపు సమయం, సైన్సు, సోషల్ పేపర్లలో అక్షరదోషాలకు మార్కులు తీయకపోవడం, ఏడాదంతా ఉండాలన్నారు. భయానికి సంబంధించినది మాత్రం మెట్లుమెట్లుగా సాగాలన్నారు: పేరా ఏదో ముందురోజే చెప్పాలి, మొదట టీచరు దగ్గర, తర్వాత పక్క బెంచీ స్నేహితురాలికి, ఆపైన తరగతికి చదివించాలి. ‘పైకి చదివించవద్దు’ అని శాశ్వతంగా రాయిస్తే తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త బలపడుతుంది కాబట్టి, టర్ము చివర సమీక్ష జరగాలని కూడా అందులోనే రాశారు. మీరూ ఈ సమీక్ష మాట తప్పకుండా అడగండి. పూర్తి రిపోర్టు, ఐక్యూ అంకెలు బడికి ఇవ్వనక్కర్లేదు. ఒక పేజీ లేఖ చాలు (స్టాఫ్ రూములో కాగితాలు ఎన్ని చేతులు మారతాయో మనకు తెలియనిది కాదు).

ఇక పదో తరగతి సంగతి. సైకాలజిస్ట్ లేఖ బడిలోపలి సర్దుబాట్లకే పనికొస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని గుర్తించినప్పటికీ, బోర్డు పరీక్షల్లో మినహాయింపులు కోరాలంటే ప్రభుత్వ వైద్యాధికారులు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం ఉండాలి; మన ఆంధ్రప్రదేశ్‌లో అది సదరం అనే ప్రభుత్వ వైకల్య నిర్ధారణ వ్యవస్థ ద్వారా వస్తుంది. అక్కడ మీ లేఖ, సైకాలజిస్ట్ చేసిన పరీక్షల రిపోర్టు ఆధారాలుగా ఉపయోగపడతాయి కాబట్టి, లేఖ మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకొని, ఎనిమిదో తరగతిలోనే ఆ ప్రయత్నం మొదలుపెట్టండి.