లట్ వేయగానే ఆకాశం తెల్లగా మాడిపోతోంది

ప్రశ్న: హెల్మెట్ మీద యాక్షన్ కెమెరా పెట్టి డి-లాగ్ ఎమ్ అనే చప్పటి రంగుల మోడ్‌లో తీశాను. దాని రంగుల్ని మామూలు చేసే లట్ వేయగానే ఆకాశం తెల్లగా మాడిపోతోంది, రోడ్డు నీలంగా కనిపిస్తోంది. తర్వాత ఎంత తగ్గించినా మబ్బులు రావట్లేదు. ఏం చేయాలి?

జవాబు:

ముందు ఏ లట్ వేశారో చూడండి. డి-లాగ్ వేరు, డి-లాగ్ ఎమ్ వేరు. రెండోది అంత చప్పగా ఉండదు కాబట్టి మొదటిదాని లట్ వేస్తే కాంట్రాస్ట్, రంగులు రెండూ మితిమీరిపోతాయి. పేర్లు ఒకేలా ఉండటంతో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను.

లట్ సరైనదే అయితే తేడా వరుసలో ఉంది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దిద్దుబాట్లు నోడ్ అనే మెట్లలో ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. నేను మొదట్లో లట్ వేసిన నోడ్ తర్వాత ఇంకో నోడ్ పెట్టి వెలుతురు తగ్గించేవాణ్ణి. తెల్లటి ఆకాశం బూడిద రంగుకి తిరిగేది, అంతే. లట్ అంటే ఈ విలువ వస్తే ఆ విలువ ఇవ్వు అని చెప్పే పట్టిక. బాగా వెలుతురున్న చోట మబ్బుకీ మబ్బుకీ ఉన్న తేడాని దాదాపు ఒకే తెలుపుగా నొక్కేస్తుంది. నొక్కేశాక వెనక్కి లాగడానికి అక్కడ ఏమీ మిగలదు.

అందుకే లట్‌ని రెండో నోడ్‌లో పెట్టి, దిద్దుబాటంతా మొదటి నోడ్‌లో చేయండి. అక్కడ Offset చక్రం వాడండి. లాగ్ వీడియోలో మొత్తాన్ని ఒకే కొలతలో దించడమంటే దాదాపు కెమెరాలో ఎక్స్‌పోజర్ తగ్గించినట్టే. వెలుతురు ఎంతుందో చూపే వేవ్‌ఫామ్ గ్రాఫ్ తెరిచి చూస్తూ నెమ్మదిగా దించండి. నా వీడియోలో పైన గీత గీసినట్టున్న ఆకాశం, దించే కొద్దీ ఎత్తుపల్లాలుగా విడిపోయింది. అవే మబ్బులు. ఎంత దించినా గీత గీతలాగే కిందికి వస్తే మాత్రం అవి కెమెరాలోనే పోయాయి, వాటిని ఎవరూ తేలేరు.

రోడ్డు నీలానికి కూడా ఆ నోడ్‌లోనే మందు. తారు రోడ్డు దాదాపు రంగు లేని బూడిద, కాబట్టి కొలబద్దగా పనికొస్తుంది. ఫ్రేమ్‌ని రోడ్డు మాత్రమే కనిపించేలా జూమ్ చేసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా చూపే పరేడ్ గ్రాఫ్ చూస్తే నాకు నీలం పట్టీ మిగతా రెండిటికంటే పైన ఉంది. Offset రంగు బిందువుని నారింజ వైపు కొద్దిగా జరిపితే మూడూ ఒక ఎత్తుకి వచ్చాయి. నీడలో ఉన్న రోడ్డుని మాత్రం కొలతగా తీసుకోకండి, అక్కడ ఆకాశపు నీలం నిజంగానే పడుతుంది. షాట్ మధ్యలో రంగు మారుతోందంటే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉండిపోయినట్టు. ఈసారి ఎండలో తీసేటప్పుడు 5500K దగ్గర లాక్ చేయండి.

ఇదంతా అయ్యాక ఇంకా కాస్త గాఢత కావాలనిపిస్తే లట్ తర్వాత మూడో నోడ్‌లో కొద్దిగా కాంట్రాస్ట్ పెంచుకోవచ్చు. 8 బిట్‌లో తీసి ఉంటే అక్కడ చేయి కట్టేసుకోండి. ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, లాగ్‌ని సాగదీసే కొద్దీ ఆకాశంలో చారలు తేలతాయి.