బార్‌కోడ్ ఉన్నా ఇద్దరి రిపోర్టులు తారుమారయ్యాయి, తప్పు ఎక్కడ?

ప్రశ్న: గాజువాకలో చిన్న కలెక్షన్ సెంటర్ నడుపుతున్నాం. ఆర్నెల్ల కిందట ఎల్ఐఎస్ అనే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ పెట్టాం. బిల్లు కొట్టగానే కౌంటర్లో స్టిక్కర్లు వచ్చేస్తాయి. అయినా మొన్న ఇద్దరి రిపోర్టులు అటూ ఇటూ అయ్యాయి. మెయిన్ ల్యాబ్ వాళ్ళు తమ తప్పు లేదంటున్నారు. బార్‌కోడ్ ఉండగా ఇలా ఎలా జరుగుతుందండీ?

జవాబు:

మెయిన్ ల్యాబ్ వాళ్ళు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. బిల్లు కొట్టగానే కౌంటర్లో స్టిక్కర్లు వస్తాయని మీరు రాశారు చూశారా, నా అనుమానం అక్కడే. స్టిక్కర్ ట్యూబుకి అంటుకున్నాక ఆ ట్యూబు ఏ మెషిన్‌కి వెళ్ళినా బార్‌కోడ్ దాన్ని తప్పిపోనివ్వదు. మెషిన్ స్టిక్కర్ మీది నంబరు చదివి ఎల్ఐఎస్‌ని అడుగుతుంది, ఈ నంబరుకి ఏ టెస్టులు ఉన్నాయో తెలుసుకుని చేస్తుంది, రిజల్టుని మళ్ళీ అదే నంబరుకి పంపుతుంది. కానీ ఆ ట్యూబులో ఉన్న రక్తం ఎవరిదో బార్‌కోడ్‌కి తెలీదు. అది తెలిసేది సూది గుచ్చిన మనిషికి ఒక్కడికే, అదీ గుచ్చిన ఆ రెండు నిమిషాలే.

నేను విశాఖలో ఒక ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మాకూ ఇదే జరిగింది కాబట్టి అదే చెబుతాను. మధురవాడ వైపు ఉన్న మా సెంటర్‌కి ఒక పొద్దున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఇద్దరి పేర్లూ 'అప్పల' అనే మొదలవుతాయి. సింహాచలం అప్పన్న ఉన్న ఊళ్ళో ఇది వింతేమీ కాదు గానీ, మా స్టిక్కర్ మీద పేరు పన్నెండు అక్షరాలకే తెగిపోయేది. ఇంటిపేరు, అప్పల, ఆ పైన ఏముందో కనబడదు. ఒకావిడ డయాలసిస్ పేషెంటు, ప్రతి నెలా వస్తారు. రెండో ఆవిడ మొదటిసారి వచ్చారు.

పదిన్నరకి డయాలసిస్ ఆవిడకి, కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 0.9 వచ్చింది. పోయిన నెల 6.8. పాత రిజల్టుకీ కొత్తదానికీ తేడా మరీ ఎక్కువైతే ఎల్ఐఎస్ ఆపేస్తుంది, దాన్ని డెల్టా చెక్ అంటారు. మా టెక్నీషియన్ కుర్రాడు "డయాలసిస్ అయిన వెంటనే ఇచ్చుంటారు సార్" అన్నాడు. డయాలసిస్ తర్వాత తగ్గుతుంది నిజమే, కానీ 0.9కి దిగదు. అందుకే ఆవిడ లావెండర్ మూత ట్యూబుతో చేసిన రక్తకణాల పరీక్ష, సీబీపీ కూడా తీసి చూశాను. ఎంసీవీ పోయిన నెల 91, ఇప్పుడు 76. హిమోగ్లోబిన్ 8.4 నుంచి 12.1కి ఎగబాకింది. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు సైజు. రక్తం ఎక్కిస్తే తప్ప నెలలో అంత మారదు, ఎక్కించినా ఇలా కిందికి దిగదు. అంటే ఆ ట్యూబులో రక్తం ఆవిడది కాదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే ఆ ఒక్క రిపోర్టు ఆపి, మళ్ళీ శాంపిల్ పంపమని ఊరుకుంటారు. ఆవిడ ట్యూబులో ఇంకొకరి రక్తం ఉందంటే, ఆవిడ రక్తం ఇంకెవరి పేరు మీదో ఉండే అవకాశం ఎక్కువ. అదే సెంటర్, అదే గంటలో తీసిన శాంపిల్స్ వరసగా చూశాను. రెండో ఆవిడ పేరు మీద క్రియాటినిన్ 7.1, పొటాషియం 5.9, ఎంసీవీ 91. పాత రిజల్టు లేదు కాబట్టి డెల్టా చెక్ నోరు మెదపలేదు. విలువ ఎక్కువగా ఉందని టెక్నీషియన్ రెండోసారి మెషిన్‌లో పెట్టాడు, అదే వచ్చింది, రిలీజ్ చేయబోతున్నాడు. ట్యూబు అదే అయినప్పుడు ఎన్నిసార్లు పెట్టినా అదే వస్తుంది. రీరన్ మెషిన్ తప్పుని పట్టుకుంటుంది గానీ మనిషి తప్పుని పట్టుకోదు. ఆ రిపోర్టు వెళ్ళి ఉంటే ఆరోగ్యంగా ఉన్న ఆవిడ ఆ సాయంత్రానికి కిడ్నీ డాక్టర్ దగ్గర కూర్చునేవారు.

ఎక్కడ మారిందో, ఏ పని ఎప్పుడు జరిగిందో ఎల్ఐఎస్ రాసి పెట్టుకునే ఆడిట్ ట్రైల్ చెప్పింది. మీ ఎల్ఐఎస్‌లోనూ అది ఉంటుంది, ముందు అది తీయించండి. మాకు కనబడింది ఇది:

```
SAMPLE   PRINTED   COLLECTED  RECEIVED
...031   07:05:40  07:31:12   09:48:05
...032   07:06:22  07:31:15   09:48:09
```

COLLECTED కాలమ్ చూడండి. ఇద్దరి మధ్య మూడు సెకన్లు. కట్టు కట్టి, నరం వెతికి, గుచ్చి, దూది పెట్టి, ఇంకో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం మూడు సెకన్లలో అవదు. అంటే రక్తం తీసిన అమ్మాయి కుర్చీ దగ్గర స్కాన్ చేయలేదు. రద్దీ తగ్గాక స్టాండులో ఉన్న ట్యూబులన్నీ ఒకేసారి పీక్, పీక్‌మని స్కాన్ చేసింది. మెల్లగా అడిగితే మిగతాది చెప్పింది. పరగడుపు జనం ఎక్కువని, కౌంటర్ నుంచి వచ్చిన స్టిక్కర్లు ముందే ఖాళీ ట్యూబులకి అంటించి వరసగా పెట్టుకుంది. "అప్పల..." అని పిలిస్తే ముందుగా లేచినావిడ వచ్చి కూర్చుంది. "మీరేనా అమ్మా?" అంటే "ఆఁ" అంది. చెవి సరిగా వినబడని పెద్దావిడని అలా అడిగితే ఏ పేరుకైనా ఆఁ అనే అంటారు.

ఆ పిల్లని తిట్టి లాభం లేదు, మేం పెట్టిన పద్ధతే అలా ఉంది. మార్చింది ఇవే. బిల్లు కౌంటర్లో ఇప్పుడు టోకెన్ మాత్రమే వస్తుంది. స్టిక్కర్ ప్రింటర్ కుర్చీ పక్కకి మారింది. పేషెంటు కూర్చున్నాక "మీ పేరు, వయసు మీరే చెప్పండి" అని అడిగి, స్క్రీన్‌తో సరిచూసి, టోకెన్ స్కాన్ చేస్తేనే స్టిక్కర్ వస్తుంది. రక్తం తీశాక, ఆ మనిషి లేవకముందే అంటించి, ఆ ట్యూబుని అక్కడే స్కాన్ చేయాలి. స్టిక్కర్ మీద పూర్తి పేరు, వయసు పట్టేలా పెద్ద సైజు తెప్పించాం. ప్రింటర్ ఖర్చు మా యజమానికి నచ్చలేదు, అది వేరే గొడవ.

COLLECTED టైము ఉత్తుత్తిదైతే ఇంకో నష్టం ఉంది. సీరం వేరు చేయని ట్యూబు మామూలు గది వేడిలో ఉంటే కణాలు గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, గంటకి సుమారు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. హనుమంతవాక దగ్గర శాంపిల్స్ బ్యాగు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి ఎంతసేపైందో లెక్క కట్టాలంటే అసలు తీసిన టైము కావాలి. గంట తర్వాత నొక్కిన టైము చూస్తే శాంపిల్ తాజాగా ఉన్నట్టే కనబడుతుంది.

మీ కేసులో ఇద్దరికీ మళ్ళీ శాంపిల్ తీయండి, ఒక్కరికే కాదు. పేర్లు మార్చేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక ట్యూబు మారిందో, అన్నీ మారాయో పాత ట్యూబులు చెప్పలేవు. పాత రిపోర్టుని చెరిపేయకుండా, సవరించిన రిపోర్టుగా కొత్తది ఇప్పించండి, పాత విలువ రికార్డులో ఉండాలి.

ఇంకొకటి, మీకు షుగర్ పేషెంట్లు ఎక్కువుంటే ఫాస్టింగ్‌కీ పీపీకీ స్టిక్కర్లు ఒకేసారి తీస్తున్నారేమో చూడండి. రెండూ బూడిద రంగు మూతలే, పేరు కూడా ఒకటే. పీపీ స్టిక్కర్ ఫాస్టింగ్ ట్యూబుకి అంటుకుంటే పేరు చూసి ఎవరూ పట్టుకోలేరు. మేం పీపీ స్టిక్కర్‌ని ఆ మనిషి టిఫిన్ చేసి తిరిగొచ్చాకే తీస్తున్నాం.