మీటింగులో లేవకముందు చదువు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం మీ వీధి యూత్ వాళ్ళ వినాయక చవితి మీటింగులో లేచి, కింది ఫ్లోరు పిల్లాణ్ణి వాళ్ళు ఏడిపిస్తున్న సంగతి అందరి ముందూ నిలదీస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తొమ్మిదో తరగతి చదివే పరాయి పిల్లాడి కోసం నీకు అంత బాధ కలిగిందంటే నాకు గర్వంగానే ఉంది. నిలదీతకు మాత్రం ఒప్పుకోను. ఒరేయ్, ముందు కూర్చుని ఇది చదువు.

కాలేజీలో అయితే ర్యాగింగ్ చట్టం ఉంది, కమిటీ ఉంది, ఫోన్ నంబరు ఉంది. మీ యూత్‌కి ఏముంది? ఒక వాట్సాప్ గ్రూపు, ఒక చందా పుస్తకం, గొంతు పెద్దగా ఉన్నవాడే ప్రెసిడెంటు. ఫిర్యాదు తీసుకునే మనిషంటూ లేని చోట మీటింగులో లేస్తే అది ఫిర్యాదు కాదు, గొడవ. గొడవలో ఎక్కువమంది ఎవరి పక్కనుంటే వాళ్ళదే గెలుపు.

మన పాత వీధిలో ఓ తండ్రి చేసిన పని చెప్తాను. ఆయన కొడుకును అక్కడి యూత్ వాళ్ళు మండపం దగ్గర రాత్రి కాపలాకి ఒంటరిగా పడేసి, దీపం కొండెక్కిందని కొట్టి, వాడు ఏడుస్తుంటే వీడియో తీసి గ్రూపులో పెట్టారు. ఆయనకు పండగ ఐదో రోజు రాత్రి తెలిసింది. అప్పటికప్పుడు అదే గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాడు. మాటలన్నీ న్యాయమైనవే. ఏమైందో చూడు. తెల్లారేసరికి వీడియో డిలీట్ అయిపోయింది. ఆయన దాన్ని దాచుకోలేదు, ఎవరు ఎన్నింటికి పెట్టారో రాసుకోలేదు. ‘‘ఎవరు కొట్టారో పేరు చెప్పండి, ఎవరు చూశారు?’’ అని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే కొడుకును తీరిగ్గా అడగలేదు. లోపల్లోపల ఆ తండ్రి పక్షాన ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, గ్రూపులో అందరూ చూస్తుంటే నోరు విప్పలేక ‘‘పండగ పూట ఎందుకండీ’’ అనేశారు. విడిగా అడిగి ఉంటే వాళ్ళే పని చేసిపెట్టేవాళ్ళు. ఒకసారి నలుగురిలో ఒక మాట అన్నాక, వెనక్కి తీసుకోవడానికి ఎవరికైనా నామోషీయే.

అసలు దారుణం మర్నాడు. విగ్రహం ముందు ఇద్దరు పిల్లల చేతా చేతులు కలిపించి, చప్పట్లు కొట్టి, రాజీ అయిపోయిందన్నారు. కొట్టినవాడికి అది క్షమాపణ కూడా కాదు, ఆ పిల్లాడికి మాత్రం ఇక నోరెత్తే వీల్లేకుండా పోయింది. అప్పట్నించీ వాడి పేరు ‘కంప్లైంట్’. ప్రసాదం పంచడానికి పిలవలేదు, టీషర్టు సైజు లేదన్నారు. వాణ్ణి ఎవరూ తరిమెయ్యలేదు. వాడే రావడం మానేశాడు. అందుకే చెప్తున్నా, దేవుడి ముందు రాజీ అంటే ఒప్పుకోకు.

ఇప్పుడు నీ సంగతి. మొదట ఆ పిల్లాడితో వాళ్ళమ్మ ఉన్నప్పుడు మాట్లాడు. ‘‘నిన్ను ఏడిపిస్తున్నారా?’’ అని అడిగితే లేదనే అంటాడు. ఈ వయసు మగపిల్లలు అలాగే అంటారు. పోయినేడు రాత్రి కాపలా ఎన్ని రోజులు పడింది, ఇంకెవరున్నారు, సిగరెట్లకి ఎవరు పంపారు, చందా పుస్తకంలో తక్కువ పడిన డబ్బు ఎవరు కట్టించారు అని అడుగు. ఒక్కోదానికీ రోజు, వేళ, ఉన్న మనుషులు, అన్న మాట అన్నట్టే రాయి. ఒక కాగితం చాలు. వాడికి ఏం కావాలో కూడా అడుగు. చాలామందికి గ్రూపులోంచి బయటికి రావడం ఇష్టం ఉండదు, మండపం దగ్గరే ఉండాలనుంటుంది.

తర్వాత ఎవరిని కలవాలి? ప్రెసిడెంటుని కాదు. మండపానికి పోలీసు పర్మిషన్ కావాలంటే అప్లికేషన్‌లో నిర్వాహకుల పేర్లు, ఫోన్ నంబర్లు రాయాలి. మీ యూత్‌కి రూల్స్ లేవు గానీ, జవాబుదారీ ఎవరో ఆ కాగితంలో ఉంది. పేరు రాసిచ్చినవాడికి, ఏదైనా జరిగితే స్టేషన్ నుంచి ఫోన్ తనకే వస్తుందని తెలుసు. ఇక రెండో మనిషి విగ్రహం ఇప్పించే దాత, లేదా మండపానికి జాగా ఇచ్చే ఇంటాయన. వీళ్ళిద్దరినీ ఆదివారం లోపు, విడివిడిగా, వాళ్ళ ఇళ్ళ దగ్గర కలువు. ఒక్కడివే వెళ్ళకు, వయసులో పెద్దవాళ్ళెవరినైనా వెంట తీసుకెళ్ళు. పావుగంటకి మించి మాట్లాడకు.

వాళ్ళని ‘‘మీవాళ్ళు చెడ్డవాళ్ళు’’ అనకు, న్యాయం చెయ్యమనీ అడగకు. ఏర్పాట్లు మార్చమని అడుగు. రాత్రి 10 గంటలకి మైకు ఆపేస్తారు, పెద్దలు ఇళ్ళకి వెళ్తారు. అక్కణ్ణించి తెల్లారేదాకా మండపం దగ్గర ఏం జరిగినా చూసేవాడుండడు. కాబట్టి 10 తర్వాత 18 ఏళ్ళలోపు పిల్లలెవరూ కాపలాకి వద్దు. పెద్దవాళ్ళే ఇద్దరిద్దరు చొప్పున ఉండాలి, వంతులు కాగితం మీద రాసి మండపం దగ్గరే అంటించాలి. చందాకి పిల్లల్ని పంపితే వెంట ఒక పెద్ద మనిషి ఉండాలి. లెక్క తప్పితే ఆయన్నే అడగాలి. పిల్లల వీడియోలు గ్రూపులో పెట్టకూడదు. ఈ మూడూ అందరి పిల్లలకీ వర్తించేవే కాబట్టి మీటింగులో ఆ దాతే చెప్పొచ్చు, మీ పిల్లాడి పేరు బయటికి రానక్కర్లేదు.

ఒప్పుకున్నారని సంబరపడకు. మండపం పెట్టిన మూడో రోజు రాత్రి నువ్వే ఒకసారి వెళ్ళి చూడు. వంతుల కాగితం చిరిగిపోయి ఉన్నా, పిల్లాడికి కొత్త మారుపేరు పెట్టినా, పూజ పనుల్లో వాణ్ణి తప్పించినా కక్ష మొదలైందని లెక్క. అదే రోజు ఆ ఇద్దరికీ చెప్పు.

ఇక ఏదైనా గాయమైతే, బట్టలు విప్పించి ఉంటే, చెయ్యకూడని చోట చెయ్యి వేసి ఉంటే ఈ కలవడాలూ మాట్లాడటాలూ అన్నీ ఆపెయ్. 1098కి ఫోన్ చెయ్, ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది. అత్యవసరమైతే 112. లైంగికంగా ఏమైనా జరిగిందని తెలిశాక పోలీసులకు చెప్పకపోవడమే పోక్సో చట్టం కింద నేరం. పెద్దమనుషులు రాజీ చెయ్యదగ్గ విషయం కాదది. అలాంటి వీడియో నీకు ఎవరైనా పంపితే ‘సాక్ష్యం’ అనుకుని ఇంకెవరికీ పంపకురా. పిల్లల అలాంటి వీడియో ఫార్వర్డ్ చేస్తే నువ్వే కేసులో ఇరుక్కుంటావు. గ్రూపు పేరు, పంపిన నంబరు, వేళ రాసుకుని, ఫోన్ తీసుకెళ్ళి స్టేషన్లో చూపించు.

నిమజ్జనం సంగతి మర్చిపోకు. మిగతావన్నీ ఒప్పుకోకపోయినా ఇది ఒక్కటి ఒప్పించు. తాగినవాళ్ళు ఉన్న లారీ మీద ఆ పిల్లాణ్ణి ఎక్కనివ్వద్దు, నీళ్ళ దగ్గరికి అసలే వద్దు. ‘‘సరదాగా తోశాం’’ అన్న మాట చెరువు గట్టున వినాలని నాకు లేదు. వాళ్ళ నాన్న వెంట బండి మీద వెళ్ళి, దూరం నుంచి దణ్ణం పెట్టుకుని రమ్మను. ఆయన తీసుకెళ్ళలేకపోతే నువ్వు తీసుకెళ్ళు, హెల్మెట్ పెట్టుకుని.

ఆ ఇద్దరినీ ఏ రోజు కలుస్తున్నావో నాకు ఫోన్ చేసి చెప్పు. ముందు రోజు రాత్రి పెందలాడే పడుకో, కోపంలో నీ గొంతు మీ నాన్న గొంతులాగే లేస్తుంది.

మీ పెద్దమ్మ