పాత కార్ట్రిడ్జ్‌లో సేవ్ బ్యాటరీ ఎందుకు అయిపోతుంది?

ప్రశ్న: “నా పోకెమాన్ గోల్డ్ కార్ట్రిడ్జ్‌లో ఆట బాగానే నడుస్తోంది, సేవ్ అయిందని కూడా చూపిస్తోంది. కానీ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే CONTINUE కనిపించడం లేదు. కార్ట్రిడ్జ్ పాడైపోయిందా?”

ప్రియమైన మిత్రమా,

కార్ట్రిడ్జ్ పాడవలేదు, దానిలోని బ్యాటరీ అయిపోయింది. ఆట ఉండేది రామ్ చిప్‌లో కాదు, రోమ్ చిప్‌లో. దానికి బ్యాటరీతో పని లేదు. నువ్వు సేవ్ చేసినదంతా మాత్రం 32 కిలోబైట్ల ఎస్‌రామ్ చిప్‌లో ఉంటుంది, దానికి కరెంటు ఆగిన క్షణమే అందులో రాసినదంతా చెరిగిపోతుంది. గేమ్ బాయ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ కరెంటు గేమ్ బాయ్ నుంచే వస్తుంది కనుక సేవ్ నిలిచినట్టే ఉంటుంది; ఆఫ్ చేశాక ఆ భారమంతా లోపలున్న CR2025 అనే 3 వోల్టుల లిథియం బిళ్ళ మీద పడుతుంది.

గోల్డ్ విషయంలో ఆ బిళ్ళకు ఇంకో పని కూడా ఉంది. ఆటలో పగలూ రాత్రీ నడిపే గడియారం, నువ్వు ఆడకపోయినా, సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం సాయంతో నడుస్తూనే ఉంటుంది. బిళ్ళ సామర్థ్యం సుమారు 160 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఉదాహరణకు ఎస్‌రామ్ ఒక్కటే 1 మైక్రో ఆంపియర్ తీసుకుంటే లెక్క ప్రకారం 18 ఏళ్ళు వస్తుంది; గడియారంతో కలిపి 3 మైక్రో ఆంపియర్లు అయితే 6 ఏళ్ళే. అందుకే గడియారం లేని పోకెమాన్ రెడ్ కార్ట్రిడ్జ్‌లు తరచుగా ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఈ బిళ్ళ ముందుగా హెచ్చరించదు కూడా. జీవితకాలంలో ఎక్కువ భాగం 3 వోల్టుల దగ్గరే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి మల్టీమీటర్ 3 వోల్టులు చూపినంత మాత్రాన ఇంకా ఏళ్ళ ఆయుష్షు ఉందనుకోవద్దు.

నా గోల్డ్ కార్ట్రిడ్జ్‌లో 2.6 వోల్టులే ఉన్నప్పుడు సేవ్ ఇంకా భద్రంగానే ఉంది. దాన్ని ఎక్కడా కాపీ చేసుకోకుండా, తొందరపడి పాత బిళ్ళ తీసేశాను. నా చిన్ననాటి ఆట ఆ క్షణంలోనే పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. తరువాత సిల్వర్ కార్ట్రిడ్జ్‌కు మాత్రం ముందుగా కార్ట్రిడ్జ్ రీడర్‌తో సేవ్‌ను కంప్యూటర్‌లోకి దింపుకొని, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్‌తో విప్పి, బిళ్ళ మార్చాక ఆ సేవ్‌ను తిరిగి ఎక్కించాను. గడియారం మాత్రం ఆగిపోయింది కనుక సమయం మళ్ళీ పెట్టుకోవలసి వచ్చింది.

నీ కార్ట్రిడ్జ్‌లో సేవ్ ఇప్పటికే పోయింది, కనుక ఇక పోవడానికి ఏమీ లేదు. నేరుగా బిళ్ళ మార్చవచ్చు. అయితే రెండు లోహపు రేకులు ముందే అతికించిన CR2025నే కొను. ఉత్త బిళ్ళ మీద నేరుగా టంకం పెడితే ఆ వేడికి అది పగిలే ప్రమాదం ఉంది. పాతది తీసే ముందు ప్లస్ వైపు ఎటు ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకో. మార్చాక ఒక సేవ్ చేసి, ఆఫ్ చేసి, ఒక రాత్రి అలాగే ఉంచి మళ్ళీ చూడు. ఉదయం CONTINUE కనిపిస్తే అతుకు బాగా కుదిరినట్టే.