ఉట్టి పగిలేలోపు ఊపు పెరగాలంటే...

ప్రశ్న: బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం కృష్ణాష్టమికి ఉట్టి కొట్టాం. ఫోన్లతో తీసిన వీడియోలను డావిన్చీ రిజాల్వ్‌లో ఎడిట్ చేస్తున్నా. మొదటి షాట్ 4 సెకన్లు పెట్టి, ఆ తర్వాత ఒక్కోదానికి అర సెకను తగ్గిస్తూ వెళ్లా. అయినా టెన్షన్ పెరగట్లేదు. చాలాసేపు ఒకేలా నడిచి, చివర్లో ఒక్కసారిగా కుదుపు వచ్చినట్టుంది. ఎక్కడ తేడా కొడుతోంది?
- ఓ పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తేడా ఆ అర సెకనులోనే ఉంది. 4 నుంచి 3.5కి వస్తే షాట్ ఎనిమిదో వంతే తగ్గింది. అది ఎవరి కంటికీ ఆనదు. అదే 1 నుంచి అరకు వస్తే సగానికి సగం పోయినట్టు. ఎన్ని సెకన్లు తగ్గాయన్నది చూసేవాళ్లకు తెలియదు, ముందు షాట్‌తో పోలిస్తే ఎంత వంతు తగ్గిందన్నదే తెలుస్తుంది. అందుకే తీసివేతలు మానేసి, ప్రతి షాట్‌నూ దాని ముందుదానిలో 85 శాతం ఉంచండి.

ఫోన్ వీడియోలు ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి 4 సెకన్లంటే 120 ఫ్రేములు. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో మొదటి గడిలో ఇది కొట్టి కిందికి లాగండి:

```
=ROUND(120*0.85^(ROW()-1),0)
```

120, 102, 87, 74, 63, 53, 45, 38, 33, 28, 24, 20, 17, 15, 12, 10, 9, 8 అని వస్తాయి. మొత్తం 18 షాట్లు, 25 సెకన్లు. ఇంకా నిదానంగా ఊపందుకోవాలంటే 0.85 బదులు 0.9 పెట్టండి. 8 ఫ్రేములకు చేరేసరికి 27 షాట్లు, సుమారు 38 సెకన్లు అవుతాయి. అన్ని మంచి షాట్లు మీ దగ్గరుంటేనే ఆ పని చేయండి. నాసిరకం షాట్లతో నింపితే ఏ లెక్కా కాపాడదు.

రిజాల్వ్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి Change Clip Duration ఎంచుకుంటే నిడివి నేరుగా ఇవ్వొచ్చు. అక్కడ చివరి రెండంకెలు ఫ్రేములు. అంటే 87 ఫ్రేములకు 00:00:02:27 అని కొట్టాలి. దీన్ని క్లిప్ వేగం పెంచడంతో కలపొద్దు. షాట్ లోపల మనుషులు మామూలు వేగంతోనే కదలాలి.

ఇక అసలు సంగతి, ఏ షాట్ ఎక్కడ పెట్టాలన్నది. గుంపు మొత్తం కనిపించే వైడ్ షాట్‌ను కన్ను చదువుకోవడానికి టైమ్ పడుతుంది, కాబట్టి అలాంటివన్నీ మొదట్లోనే వాడేయండి. 30 ఫ్రేముల కిందికి దిగాక క్లోజప్‌లే ఉండాలి. తాడు లాగే చేయి, డప్పు మీద పడే పుల్ల, మొహాన పడ్డ నీళ్లు... ఒక్కో షాట్‌లో ఒక్కటే విషయం, అదీ తెరపై దాదాపు ఒకే చోట. షాట్ పొట్టిదయ్యేకొద్దీ కదలిక జోరుగా ఉన్న ముక్కనే ఉంచి, ముందూ వెనకా కోసేయండి.

చివరి నాలుగైదు షాట్లలో కొత్తది ఏదీ చూపించకండి. 8 ఫ్రేములంటే పావు సెకనుకు కాస్త ఎక్కువ. అంతలో కొత్త మొహాన్ని గుర్తుపట్టేలోపే అది వెళ్లిపోతుంది, చూసేవాళ్లకు చిరాకే మిగులుతుంది. ఇంతకుముందు నిదానంగా చూపించిన కుండ, కర్ర ఇవే మార్చి మార్చి రావాలి. కుండ, కర్ర, కుండ, కర్ర. అప్పుడు ఎంత వేగంగా కోసినా కథ తెలుస్తూనే ఉంటుంది. అందుకే మొదటి ఐదారు షాట్లలోపే కుండను ఒకసారి తీరిగ్గా చూపించి ఉండాలి.

పగిలే షాట్‌ను మాత్రం 8 ఫ్రేముల్లో తేల్చేయకండి. దాన్ని మూడు నాలుగు సెకన్లు ఉంచి, నీళ్లు కారిపోయేదాకా, కేక వినిపించేదాకా సాగనివ్వండి. ఇరవై అయిదు సెకన్లు బిగించిందంతా వదిలేది అక్కడే. ఆ షాట్ కూడా పొట్టిదైతే ఉట్టి పగిలిందా లేదా అని వెనక్కి జరిపి చూసుకోవాల్సి వస్తుంది.

సౌండ్‌ను షాట్‌తో పాటు ముక్కలు చేయకండి. ఒకే డప్పు రికార్డింగ్‌ను కింద ట్రాక్‌లో ఏకబిగిన పరచండి. లేకపోతే ప్రతి కట్ దగ్గరా శబ్దం ఎగిరి పడుతుంది. అంతా అయ్యాక సౌండ్ ఆపేసి ఒకసారి చూడండి. ఎక్కడైనా ఊపు ఆగినట్టు అనిపిస్తే, అక్కడ దాదాపు ఒకే నిడివి షాట్లు పక్కపక్కన పడ్డాయేమో, లేదా పొట్టి షాట్‌లో చూడాల్సింది ఎక్కువైందేమో చూసుకోండి. రెండోదైతే నిడివి ముట్టుకోకుండా షాట్‌నే మార్చండి.

గ్రూప్‌లో పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ప్రతి కట్ దగ్గరా తెరంతా కొత్త బొమ్మే కాబట్టి, ఫైల్‌ను బాగా కుదిస్తే మొదట గళ్లుగళ్లుగా చెదిరేది ఆ చివరి పొట్టి షాట్లే.