పటమట ఫ్లాటుకు బయానా ఇచ్చే ముందు

చిరంజీవి శ్రీనివాసుకు పెదనాన్న ఆశీస్సులు.

నీవు పంపిన పటమట ఫ్లాటు కాగితాలు చూశాను. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 16 వేల అద్దె, అంటే ఏడాదికి 3.2 శాతం రాబడి అని బ్రోకరు వేసిన లెక్కలో కూడిక తప్పు లేదు గాని, ఖర్చులే లేవు. రిజిస్ట్రేషనుకు ఏడున్నర శాతం చొప్పున నాలుగున్నర లక్షలు, కబోర్డులకూ దోమతెరల తలుపులకూ మరో లక్షన్నర కలిపితే నీ పెట్టుబడి 66 లక్షలు అవుతుంది.

ఇక ఖాళీ నెలల సంగతి. మన బెజవాడలో కుటుంబాలు పిల్లల పరీక్షలయ్యాక వేసవిలో ఇల్లు మారతాయి. ఆ అదను దాటి జ్యేష్ఠం చివర ఎవరైనా ఖాళీ చేస్తే, ఆషాఢంలో పాలు పొంగించేవారుండరు కనుక శ్రావణం దాకా టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. రెండేళ్లకొకసారి రెండు నెలలు ఖాళీ అనుకొని, ఏడాదికి ఒక నెల అద్దె తీసివేయడం న్యాయం. ఆ నెలలో అసోసియేషన్ మెయింటెనెన్సు రెండు వేలు కూడా నీవే కట్టాలి.

మరమ్మతుల నిధి దగ్గర నేను ఒకసారి దెబ్బతిన్నాను. నా ఫ్లాటు బాత్రూములో నహానీ ట్రాప్ చుట్టూ నీరు ఇంకి, కింది వారి సీలింగు మీద పెయింటు బుడగలా ఉబ్బింది. టైల్సు పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించేసరికి 28 వేలు అయింది, ఆ ధూళికి విసిగి అద్దెదారూ వెళ్లిపోయాడు. అందుకని ఏడాదికి 18 వేలు విడిగా ఒక ఖాతాలో వేస్తూ ఉండు. ఇంటిపన్ను ఆరు వేలు కూడా పోగా, 1,92,000 అద్దెలో నీకు మిగిలేది లక్షన్నర, అంటే 66 లక్షల మీద సుమారు 2.3 శాతం.

దీని పక్కన అప్పును పెట్టి చూడు. ఎనిమిదిన్నర శాతానికి 20 ఏళ్ల గడువుతో 40 లక్షలు తీసుకుంటే వాయిదా నెలకు 34,700 దాకా ఉంటుంది. మిగిలే అద్దె నెలకు 12,500 కనుక తక్కిన 22 వేలు జీతంలోంచి కట్టాలి. 20 లక్షలే తీసుకుంటే ఆ లోటు ఐదు వేల లోపే. అద్దెతో పూర్తిగా తీరే అప్పు 14 లక్షలు మాత్రమే. ఏడు శాతం వడ్డీ వచ్చే డిపాజిట్లు ఉంచుకొని ఎనిమిదిన్నరకు అప్పు చేయడం నాకు నచ్చదు. అయినా ఏడాది వాయిదాలకు సరిపడా డిపాజిట్టును మాత్రం ముట్టుకోవద్దు. 40 లక్షల అప్పుతోనే కొంటానంటే, స్థలం ధర పెరుగుతుందన్న పందెం కాస్తున్నావని తెలిసే కొను.

బయానా ఇచ్చే ముందు అమ్మేవారిని ఆ ఫ్లాటు కరెంటు బిల్లులు రెండేళ్లవి అడుగు. యూనిట్లు దాదాపు సున్నా ఉన్న నెలలే ఇల్లు ఖాళీగా ఉన్న నెలలు. అవి ఏడాదికి ఒకటి కంటే ఎక్కువైతే నా లెక్కను ఆ మేరకు తగ్గించుకో. కింది అంతస్తు వారిని అడిగి, వారి బాత్రూము సీలింగు కూడా ఒకసారి చూసి రా.